పుట్టిన తేదీ తెలియని పసిపిల్లల వయసును ఎత్తు, బరువుల పటంతో అంచనా వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తల్లిదండ్రుల ఆచూకీ లేక సంరక్షణకు వచ్చిన పిల్లలు, దత్తత తీసుకున్న పిల్లలు, పుట్టుక నమోదు కాని పిల్లలు ఎదురైనప్పుడు అదే సందేహం మళ్లీ మళ్లీ వస్తూ ఉంటుంది: ఎత్తు, బరువు కొలిచి, పెరుగుదల పటం చూసి, వయసు చెప్పవచ్చా? ఐదేళ్లలోపు పిల్లల విషయంలో ఈ సందేహం ఎన్ని రూపాల్లో వస్తుందో, వాటన్నిటికీ జవాబులు ఇక్కడ ఉన్నాయి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు.

## కొలవక ముందు

పాప పుట్టిన తేదీ తెలియదు. ఎత్తు, బరువు చూస్తే వయసు తెలిసిపోతుంది కదా?

తెలియదు. ఎత్తు, బరువులను బట్టి చెప్పగలిగింది ఒక్కటే: ఆరోగ్యంగా పెరిగిన పిల్లల్లో సగటు బిడ్డ ఏ వయసులో ఇంత ఎత్తుకు చేరుతుంది అని. మీ ఎదుట ఉన్న పాప సగటు బిడ్డ అని ముందుగా అనుకుంటేనే ఆ సంఖ్య ఆమె వయసు అవుతుంది. అలా అనుకోవడానికి ఆధారం మాత్రం ఆ కొలతల్లో ఉండదు. పొట్టిగా ఉన్న మూడేళ్ల పాపకు, పొడవుగా ఉన్న రెండేళ్ల పాపకు ఎత్తు ఒకటే కావచ్చు. కాబట్టి ఈ పద్ధతి ఒక విస్తృతమైన పరిధిని మాత్రమే ఇస్తుంది, వయసును కాదు. పళ్లు, నడక, మాట, తెలిసినవారి జ్ఞాపకాలు చేరినప్పుడే ఆ పరిధి ఇరుకవుతుంది.

ఈ పటాలు ఎవరి కొలతలతో తయారయ్యాయి? మా పిల్లలకు వర్తిస్తాయా?

ఐదేళ్లలోపు పిల్లలకు ఇప్పుడు విస్తృతంగా వాడుతున్నవి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ప్రమాణాలు. వాటికి కావలసిన కొలతలను 1997 నుంచి 2003 వరకు బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో సేకరించారు. తల్లిపాలు తాగినవారు, పొగతాగని తల్లులకు పుట్టినవారు, ఎదుగుదలకు అడ్డులేని పరిస్థితుల్లో పెరిగినవారు అయిన పిల్లలనే ఎంచుకున్నారు. అందుకే ఈ పటం పిల్లలు సాధారణంగా ఎలా ఉన్నారో కాక, పరిస్థితులు బాగుంటే ఎలా పెరుగుతారో చెబుతుంది.

ఆ ఆరు దేశాల పిల్లలూ పొడవులో దాదాపు ఒకే తీరుగా పెరిగారు. కాబట్టి తొలి ఐదేళ్లలో ఎదుగుదల తేడాలకు జాతి కంటే తిండి, జబ్బులు, పరిసరాలే ఎక్కువ కారణమని చెప్పవచ్చు. వయసు అంచనాకు ఇదే అసలు చిక్కు తెచ్చిపెడుతుంది. పుట్టిన తేదీ తెలియకుండా మన దగ్గరికి వచ్చే పిల్లలు చాలాసార్లు ఆ మంచి పరిస్థితులు దక్కనివారే. పటం మాత్రం అవి దక్కినవారిది.

## కొలిచేటప్పుడు

పడుకోబెట్టి కొలవాలా, నిలబెట్టి కొలవాలా? వయసే తెలియనప్పుడు ఎలా నిర్ణయించాలి?

నియమం ప్రకారం రెండేళ్లలోపు పిల్లలను పడుకోబెట్టి, రెండేళ్లు నిండినవారిని నిలబెట్టి కొలుస్తారు. పడుకున్నప్పటి పొడవు, నిలబడినప్పటి ఎత్తు కంటే సగటున 0.7 సెంటీమీటర్లు ఎక్కువ ఉంటుంది. పటంలో రెండేళ్ల దగ్గర గీత చిన్నగా కిందికి దిగడానికి కారణం ఇదే. వయసు తెలియనప్పుడు 87 సెంటీమీటర్లను హద్దుగా తీసుకుంటారు. అంతకంటే పొట్టిగా ఉంటే పడుకోబెట్టి, అంతకు తక్కువ కాకపోతే నిలబెట్టి కొలుస్తారు.

ఏ విధంగా కొలిచారో కాగితం మీద తప్పకుండా రాయండి. పడుకోబెట్టి కొలిచిన సంఖ్యను నిలబెట్టి కొలిచినట్టు చదివితే, రెండు మూడేళ్ల వయసులో అంచనా దాదాపు ఒక నెల ముందుకు జరుగుతుంది. ఇది చిన్న పొరపాటే అయినా ప్రతిసారీ ఒకే వైపు లాగుతుంది.

కొలతలో ఎంత తప్పు రావచ్చు? ఒక సెంటీమీటర్ తేడా వస్తే ఏమవుతుంది?

రెండేళ్ల నుంచి మూడేళ్ల మధ్య సగటు మగబిడ్డ ఏడాదికి సుమారు 9 సెంటీమీటర్లు పెరుగుతాడు. ఆ లెక్కన ఒక సెంటీమీటర్ తప్పు వస్తే అంచనా నెల రోజులకు పైగా తప్పుతుంది. నాలుగేళ్ల వయసులో ఎదుగుదల ఏడాదికి 7 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, కాబట్టి అదే సెంటీమీటర్ తప్పు రెండు నెలలకు దగ్గరవుతుంది.

తప్పులు ఎక్కువగా వచ్చే చోట్లు తెలిసినవే: బూట్లు విప్పకపోవడం, జడ లేదా పిలక మీద పలక ఆనడం, మోకాళ్లు వంగి ఉండటం, గడ్డం పైకెత్తడం, పడుకోబెట్టినప్పుడు ఒక్క కాలినే సాగదీయడం. పసిబిడ్డను ఒక్కరే సరిగా కొలవలేరు. ఒకరు తలను పలకకు ఆనించి పట్టుకోవాలి, మరొకరు మోకాళ్లను నొక్కిపట్టి పాదాల పలకను జరపాలి. ఇద్దరు విడివిడిగా కొలిచి, రెండు కొలతల మధ్య 0.7 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తేడా వస్తే మళ్లీ కొలవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల కోసం కొలిచినవారు పాటించిన హద్దు కూడా అదే.

బరువు కొలిచే ముందు పాదాల పైభాగాన్ని బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి చూడండి. రెండు పాదాల్లోనూ గుంట నిలిచిపోతే ఒంట్లో నీరు చేరిందని అర్థం. అప్పుడు బరువును వయసు అంచనాకు అసలు వాడకూడదు. బిడ్డను వెంటనే వైద్యుడికి చూపించాలి.

## పటం చదివేటప్పుడు

పటాన్ని వెనక్కి చదవడం అంటే ఏమిటి?

మామూలుగా పటం అడుగున ఉన్న వయసు దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్తాం, బిడ్డ ఎత్తు ఏ గీత దగ్గర పడిందో చూస్తాం. వయసు తెలియనప్పుడు దీన్ని తిరగేస్తాం. పక్కన ఉన్న ఎత్తు నుంచి అడ్డంగా వెళ్లి, మధ్య గీతను తాకిన చోట కిందికి దిగి, అక్కడి వయసు చదువుతాం. దీన్ని ఎత్తు వయసు అంటారు. బరువుతో అలాగే చేస్తే వచ్చేది బరువు వయసు.

వయసు తెలిసిన పిల్లల్లో ఎత్తు వయసుకు మంచి ఉపయోగం ఉంది. ఐదేళ్ల బాబు ఎత్తు వయసు మూడున్నర అయితే అతను ఎంత వెనుకబడ్డాడో తేలిగ్గా అర్థమవుతుంది. పుట్టిన తేదీ తెలియని బిడ్డ విషయంలో దాన్నే అసలు వయసుగా రాసేయడంతో చిక్కు మొదలవుతుంది.

మా బాబు ఎత్తు 90 సెంటీమీటర్లు. పటం ప్రకారం వయసు ఎంత?

మగపిల్లల పటంలో మధ్య గీత 90 సెంటీమీటర్లను దాదాపు 27, 28 నెలల దగ్గర తాకుతుంది. ఆ ఒక్క సంఖ్య దగ్గర ఆగిపోకుండా, అదే అడ్డగీత వెంట ఎడమకు, కుడికి వెళ్లి చూడండి.

ఎడమ వైపు, పొడవైన పిల్లల గీతను, అంటే మధ్య గీతకు రెండు ప్రామాణిక విచలనాలు పైన ఉన్న గీతను, 21 నెలల దగ్గర తాకుతారు. కుడి వైపు, రెండు విచలనాలు కింద ఉన్న గీతను 38 నెలలు దాటాక తాకుతారు. ఆరోగ్యవంతులైన పిల్లల్లో ప్రతి వయసులోనూ నూటికి సుమారు 95 మంది ఈ రెండు గీతల మధ్యే ఉంటారు. అంటే ఏ లోపమూ లేని బాబు కూడా 90 సెంటీమీటర్ల దగ్గర రెండేళ్లు నిండనివాడు కావచ్చు, మూడేళ్లు దాటినవాడూ కావచ్చు. ఆ మధ్య దూరం దాదాపు ఏడాదిన్నర.

బాబు తీవ్రంగా గిడసబారి ఉంటే కుడివైపు హద్దు ఇంకా జరుగుతుంది. మూడు విచలనాలు కింద ఉన్న గీత 90 సెంటీమీటర్లకు చేరేసరికి వయసు నాలుగేళ్లకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి ఈ ఎత్తుకు నేను రాసే జవాబు ‘27 నెలలు’ కాదు. ‘దాదాపు రెండేళ్ల నుంచి నాలుగేళ్ల లోపు, మిగతా ఆధారాలు చూడాలి’ అని రాస్తాను.

బరువుతో అంచనా వేస్తే ఇంకా కచ్చితంగా వస్తుందా?

రాదు, ఎత్తు కంటే బరువు చాలా బలహీనమైన ఆధారం. మగపిల్లల పటంలో 12.2 కిలోలు రెండేళ్ల సగటు బరువు. కానీ అదే బరువు ఏడాది దాటిన బొద్దు బాబుకు ఉండవచ్చు, మూడున్నరేళ్ల బక్క బాబుకూ ఉండవచ్చు, ఇద్దరూ రెండు విచలనాల హద్దులోనే ఉంటారు. పరిధి రెండేళ్లకు మించిపోయిందన్నమాట. పైగా వారం రోజుల విరేచనాలతో బరువు తగ్గుతుంది, ఒంట్లో నీరు చేరితే పెరుగుతుంది. ఎత్తు అలా తగ్గదు. బరువు చెప్పేది ఎక్కువగా ఇటీవలి ఆరోగ్యం గురించి, ఎత్తు చెప్పేది పుట్టినప్పటి నుంచి జరిగినదాని గురించి.

ఎత్తు వయసు, బరువు వయసు రెండూ ఒకటే వచ్చాయి. ఇక అనుమానం అక్కర్లేదు కదా?

ఈ పొరపాటు అనుభవజ్ఞులు కూడా చేస్తారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. రెండు సాక్ష్యాలు ఒకే మాట చెబితే నమ్మకం పెరగాలంటే, ఆ సాక్షులు ఒకరితో ఒకరు సంబంధం లేనివారై ఉండాలి. ఎత్తు, బరువు అలాంటివి కావు. పొట్టి బిడ్డ తేలికగానే ఉంటుంది. ఏళ్ల తరబడి తిండి చాలక గిడసబారిన నాలుగేళ్ల పాప ఎత్తులోనూ, బరువులోనూ రెండున్నరేళ్ల పాపలాగే ఉండవచ్చు. చూడటానికి ఆమె ఒంటి పొందిక చక్కగానే కనిపిస్తుంది, రెండు పటాలూ రెండున్నర అనే చెబుతాయి. అవి ఏకీభవించినంత మాత్రాన వయసు నిర్ధారణ అయినట్టు కాదు. ఎత్తుకు తగ్గ బరువు ఉందని, ఆమె ఇప్పుడు కృశించిపోయి లేదని మాత్రమే తేలినట్టు.

ఆడపిల్లల పటం, మగపిల్లల పటం వేరుగా ఎందుకు? తారుమారైతే?

రెండేళ్ల మగపిల్లల సగటు ఎత్తు 87.1 సెంటీమీటర్లు, ఆడపిల్లలది 85.7. అందువల్ల అదే 90 సెంటీమీటర్ల ఎత్తు బాబుకు 27, 28 నెలలుగా, పాపకు 29 నెలలుగా చదవాల్సి వస్తుంది. పటం తారుమారైతే తప్పు నెల, రెండు నెలలే. సరైన పటం వాడాలి కానీ, పరిధే ఏడాదిన్నర ఉన్నప్పుడు అసలు సమస్య ఇది కాదు.

నెలల పసికందు అయితే అంచనా బాగా వస్తుందా?

కొంత మెరుగ్గా వస్తుంది. తొలి ఏడాదిలో బిడ్డ సుమారు 25 సెంటీమీటర్లు పెరుగుతుంది కాబట్టి పటంలో గీతలు నిటారుగా లేస్తాయి, అడ్డగీత వాటిని దగ్గర దగ్గరగా తాకుతుంది. 67.6 సెంటీమీటర్ల మగబిడ్డ సగటున 6 నెలలవాడు, పరిధి సుమారు 4 నుంచి 9 నెలలు. వయసు పెరిగేకొద్దీ గీతలు చదునవుతాయి, ఒకదానికొకటి దూరమవుతాయి. 110 సెంటీమీటర్ల మగబిడ్డ సగటున ఐదేళ్లవాడు. కానీ నాలుగేళ్లు నిండని పొడగరి కావచ్చు, ఆరేళ్లు దాటిన పొట్టివాడూ కావచ్చు. పద్ధతి ఒకటే అయినా మొదటి చోట ఐదు నెలల పరిధి వస్తే, రెండో చోట దాదాపు మూడేళ్ల పరిధి వస్తుంది.

పసికందుల్లో ఇంకో లోపం దాగి ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టినవారు, కడుపులోనే సరిగా ఎదగనివారు, కవలలు పుట్టుకతోనే చిన్నగా ఉంటారు. ఎనిమిది వారాలు ముందుగా పుట్టిన బిడ్డ ఎత్తు పటంలో సుమారు రెండు నెలలు చిన్న వయసును చూపవచ్చు. ఆ సంగతి ఎవరూ చెప్పకపోతే కొలతను బట్టి కనిపెట్టడానికి దారి లేదు.

తల చుట్టుకొలత తిండి లోపంతో అంతగా మారదంటారు. దాన్ని వాడవచ్చా?

ఏడాది లోపు కొంత పనికొస్తుంది, ఆ తర్వాత దాదాపు పనికిరాదు. మగపిల్లల సగటు చుట్టుకొలత ఏడాదికి 46.1, రెండేళ్లకు 48.3, మూడేళ్లకు 49.5 సెంటీమీటర్లు. రెండేళ్ల తర్వాత తల ఏడాదికి ఒక సెంటీమీటర్ చొప్పున పెరిగితే, ఒకే వయసు పిల్లల మధ్య మామూలుగా ఉండే తేడా అంతకంటే ఎక్కువ. ఏడాది పెరుగుదల ఆ తేడాలోనే కలిసిపోతుంది.

## వయసు నిర్ణయించేటప్పుడు

ఎత్తు వయసునే వయసుగా రాసి, తర్వాత పటంలో ఎదుగుదల చూసుకుంటే తప్పేమిటి?

ఈ మొత్తం విషయంలో నేను గట్టిగా వద్దనేది ఇదొక్కటే. ఎత్తును బట్టి వయసు నిర్ణయించి, ఆ వయసుకు ఎత్తు సరిపోయిందా అని మళ్లీ అదే పటంలో చూస్తే, జవాబు ఎప్పుడూ ‘సరిగ్గా సగటు’ అనే వస్తుంది. వేరే జవాబు రావడానికి వీలే లేదు, ఎందుకంటే ఆ వయసును తీసిందే ఆ ఎత్తు నుంచి. ఎంత గిడసబారిన బిడ్డనైనా ఈ లెక్క ఆరోగ్యవంతురాలిగా చూపిస్తుంది.

ఎత్తు 85.1 సెంటీమీటర్లు ఉన్న బాబును తీసుకుందాం. అతని నిజమైన వయసు 30 నెలలైతే అతను మధ్య గీతకు రెండు విచలనాలు కింద, సరిగ్గా గిడసబారడానికి హద్దు మీద ఉన్నాడు. ఆరు నెలలు తగ్గించి 24 నెలలని రాస్తే, కాగితం మీద సగటుకు కొంచెం తక్కువగా ఉన్న మామూలు బాబు అవుతాడు. బిడ్డ ఒంట్లో ఏ మార్పూ రాలేదు, అయినా కాగితం మీద లోపం మాయమైంది. దానితోపాటు ఆ బిడ్డకు అందాల్సిన శ్రద్ధ కూడా మాయమవుతుంది.

వయసు తెలియకుండానే చూడదగిన పటం ఒకటి ఉంది: ఎత్తుకు తగ్గ బరువు పటం. బిడ్డ ఇప్పుడు కృశించి ఉందా లేదా అన్నది దానితో నిజాయితీగా చెప్పవచ్చు. గిడసబారిందా లేదా అన్నది మాత్రం, వయసు వేరే దారిలో తెలిసేదాకా చెప్పలేం.

ఎత్తు కాకుండా ఇంకేం చూడాలి?

అన్నిటికంటే విలువైనది మనుషుల జ్ఞాపకం. బిడ్డను ఎరిగిన ఎవరైనా దొరికితే ‘వయసెంత’ అని అడగకండి. అలా అడిగితే ‘రెండేళ్లు’, ‘మూడేళ్లు’ అని నిండు సంఖ్యలే వస్తాయి. అందరికీ గుర్తుండే పండుగలు, వానలు, కోతలు, ఎన్నికలు, పెద్ద ప్రమాదాలు వరుసగా రాసుకుని, పుట్టుక వాటిలో దేనికి ముందు, దేనికి తర్వాత అని అడగండి. అక్కకో అన్నకో పుట్టిన తేదీ తెలిసి ఉంటే అది మరో ఆసరా. ఈ పద్ధతిలో నెల వరకు ఇరుకైన అంచనా దొరికిన సందర్భాలు చాలా ఉంటాయి.

తర్వాతివి పళ్లు. తిండి లోపం పళ్లను కూడా ఆలస్యం చేస్తుంది కానీ ఎత్తును కుంగదీసినంతగా కాదు. ఇరవై పాలపళ్లు సాధారణంగా రెండున్నర, మూడేళ్లకు పూర్తవుతాయి. రెండేళ్లలోపు పిల్లల్లో పళ్ల సంఖ్యకు ఆరు కలిపితే సుమారుగా నెలల్లో వయసు వస్తుందని ఒక మోటు లెక్క ఉంది. పది పళ్లుంటే పదహారు నెలలన్నమాట. దాన్ని ఊతంగా వాడవచ్చు, తీర్పుగా కాదు. ఇక ఒక్క పరీక్ష మాత్రం ఎప్పుడూ మానకండి: పాల దవడపళ్ల వెనుక శాశ్వత దవడపన్ను మొలిచిందేమో చూడండి. అది సాధారణంగా ఆరేళ్ల దగ్గర వస్తుంది. బిడ్డ ఎంత చిన్నగా కనిపించినా అది మొలిచి ఉంటే మూడేళ్ల బిడ్డ కాదు.

చివరగా బిడ్డ చేయగల పనులు. నడక మీద ఎక్కువ ఆధారపడకండి, ఆరోగ్యవంతుల్లోనే ఒంటరి నడక 8 నుంచి 18 నెలల మధ్య ఎప్పుడైనా మొదలవుతుంది. మూడేళ్ల దగ్గర వచ్చే పనులు మరింత పనికొస్తాయి: అడుగు మార్చి అడుగు వేస్తూ మెట్లెక్కడం, చూసి గుండ్రం గీయడం, మూడు మాటల వాక్యాలు చెప్పడం. ఒక పని చేయగలగడం గట్టి ఆధారం. చేయలేకపోవడం అంత గట్టిది కాదు, ఎందుకంటే జబ్బు, భయం, ఎవరూ మాట్లాడించకపోవడం వల్ల కూడా బిడ్డ వెనుకబడుతుంది.

మణికట్టు ఎక్స్‌రే తీస్తే కచ్చితంగా తెలుస్తుందని చెప్పారు. తీయించాలా?

ఈ వయసులో కేవలం తేదీ కోసం తీయించడం నా దృష్టిలో దండగ. ఎముకల వయసు కూడా ఎదుగుదలకు సంబంధించినదే. తిండి లోపం, దీర్ఘకాలపు జబ్బు, థైరాయిడ్ లోపం ఎత్తుతోపాటు దాన్నీ వెనక్కి లాగుతాయి. కాబట్టి ఎత్తు చెప్పిన తప్పునే ఎముక కూడా చెప్పవచ్చు. జబ్బు అనుమానంతో వైద్యుడు అడిగితే అది వేరే సంగతి.

ఒక బిడ్డ విషయంలో మొదటి నుంచి చివరి దాకా ఎలా చేస్తారో చూపించగలరా?

ఉదాహరణకు ఒక బాబును ఊహించుకుందాం. నిలబెట్టి ఇద్దరం కొలిస్తే ఎత్తు 90 సెంటీమీటర్లు, బరువు 11.9 కిలోలు. పాదాల్లో నీరు లేదు. మధ్య గీత మీద ఎత్తు వయసు 27, 28 నెలలు, బరువు వయసు 22, 23 నెలలు. చూసినవాళ్లంతా ‘రెండేళ్లు ఉంటాయి’ అన్నారు.

ముందుగా ఎత్తు ఇచ్చే పూర్తి పరిధి రాస్తాం: 21 నుంచి 38 నెలలు, గిడసబారి ఉంటే నాలుగేళ్ల దాకా. తర్వాత వయసు అవసరం లేని పటం చూస్తాం. 90 సెంటీమీటర్ల బాబుకు సగటు బరువు 13 కిలోలకు కాస్త తక్కువ. మన బాబు దానికి సుమారు ఒక కిలో కింద ఉన్నాడు, అంటే ఒక విచలనం మేరకు బక్కగా ఉన్నాడు కానీ కృశించి లేడు.

నోరు తెరిపిస్తే ఇరవై పాలపళ్లూ పూర్తిగా వచ్చి ఉన్నాయి, శాశ్వత దవడపన్ను లేదు. దీంతో 21 నెలల మాట దాదాపు పోయింది, కింది హద్దు రెండున్నరేళ్ల దగ్గరికి జరిగింది. అలవాటుపడ్డాక చూస్తే అడుగు మార్చి అడుగు వేస్తూ మెట్లెక్కుతున్నాడు, గుండ్రం గీస్తున్నాడు, చిన్న వాక్యాలు మాట్లాడుతున్నాడు. ఇప్పుడు వయసు 33 నుంచి 42 నెలల మధ్య ఉంటుందనడం సబబు. ‘రెండేళ్లు’ అన్న తొలిచూపు అంచనా కొట్టుకుపోయింది.

ఇక ఆ పరిధి రెండు చివర్లనూ పటంలో పెట్టి చూడాలి. 33 నెలలైతే బాబు ఒక విచలనం కంటే కాస్త కింద ఉన్నాడు, అది మామూలే. 36 నెలలైతే సుమారు ఒకటిన్నర దాటి కింద ఉన్నాడు. 42 నెలలైతే రెండున్నర విచలనాలు కింద, అంటే గిడసబారినట్టే. పరిధి లోపలే తీర్పు మారిపోతోంది. అప్పుడు నేను రాసేది: ‘అంచనా వయసు 33–42 నెలలు, గిడసబారి ఉండే అవకాశం ఉంది, లేదని చెప్పలేం.’ అనుమానం ఉన్నప్పుడు బిడ్డను లోపం ఉన్న బిడ్డగానే చూసుకోవాలి. పుష్టికరమైన తిండి అందరు పిల్లలకూ మేలే చేస్తుంది, లోపాన్ని గమనించకపోతే జరిగే నష్టం మాత్రం ఆ బిడ్డ మీదే పడుతుంది.

ఫారంలో తేదీ తప్పనిసరి. ఏ తేదీ రాయాలి?

ఆధారాలన్నీ చూశాక మిగిలిన పరిధి మధ్యలో ఉన్న నెలను ఎంచుకుని, పక్కన ‘అంచనా’ అని, పరిధి ఎంతో, ఏ ఆధారాలతో నిర్ణయించారో రాయండి. ఏడాది మొదటి రోజును అలవాటుగా రాయకండి. అది అంచనాను ఒక్కోసారి ఆరు నెలలు అటో ఇటో తోసేస్తుంది, తర్వాత చూసేవారికి అది అంచనా అని కూడా తెలియదు. చట్టపరంగా చెల్లే తేదీని నిర్ణయించే అధికారం కొలిచినవారిది కాదు, సంబంధిత అధికారులది. మీ పని వారికి పరిధినీ ఆధారాలనూ దాచకుండా ఇవ్వడం.

వయసు తప్పైతే మందుల మోతాదు తప్పుతుందేమో?

పసిపిల్లల మందుల్లో ఎక్కువ వాటి మోతాదు బరువును బట్టి లెక్కిస్తారు, కాబట్టి సరైన బరువు ఉంటే ఆ మేరకు దిగులు అక్కర్లేదు. వయసును బట్టి ఇచ్చేవి ఉంటే, వయసు అంచనా మాత్రమేనని వైద్యుడికి ముందే చెప్పండి.

## నెలలు గడిచాక

ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిస్తే, పెరిగిన వేగాన్ని బట్టి వయసు తేలుతుందా?

ఆశ కలిగించే ఆలోచనే, ఎందుకంటే చిన్న వయసులో పిల్లలు వేగంగా, పెద్దయ్యేకొద్దీ నెమ్మదిగా పెరుగుతారు. అంకెలు మాత్రం సహకరించవు. సగటు మగబిడ్డ ఆరు నెలల్లో రెండు, మూడేళ్ల మధ్య సుమారు 4.5 సెంటీమీటర్లు, మూడు, నాలుగేళ్ల మధ్య సుమారు 3.6 సెంటీమీటర్లు పెరుగుతాడు. ఆ తేడా సెంటీమీటర్ కంటే తక్కువ. రెండు కొలతల్లోని పొరపాట్లు, బిడ్డకూ బిడ్డకూ ఉండే సహజమైన తేడా కలిస్తే అది కనిపించకుండా పోతుంది.

పైగా మంచి తిండి దొరికిన బిడ్డ, వెనుకబడినదాన్ని పూడ్చుకుంటూ తన వయసుకు మించిన వేగంతో పెరగవచ్చు. ఆ వేగం చూసి ‘ఇంత తొందరగా పెరుగుతున్నాడంటే ఇంకా చిన్నవాడే’ అనుకుంటే, అసలే తగ్గించిన వయసును మరింత తగ్గించినట్టవుతుంది. మళ్లీ కొలవడం తప్పనిసరి, అయితే అది బిడ్డ బాగా ఎదుగుతోందా అని తెలుసుకోవడానికి.

సంరక్షణలో ఏడాది గడిచింది. ఇప్పుడు రాసిన వయసు కంటే పెద్దగా కనిపిస్తోంది. వయసు మార్చాలా?

ఎత్తు ఒక్కటే గీతలు దాటి పైకి వెళ్తే తొందరపడకండి. అది రెండు విధాలుగా జరగవచ్చు: వయసు తక్కువగా రాసి ఉండవచ్చు, లేదా బిడ్డ పూడ్చుకునే ఎదుగుదలలో ఉండవచ్చు. తేల్చేవి పళ్లు, నైపుణ్యాలు. నాలుగేళ్లని రాసిన బిడ్డకు శాశ్వత దవడపళ్లు వస్తున్నాయంటే, ముందు పళ్లు కదులుతున్నాయంటే, రాసిన వయసు చాలా తక్కువని బలంగా అనుమానించాలి. అప్పుడు పాత కొలతలను పారేయకుండా, కొత్త ఆధారాలు జతచేసి పునఃపరిశీలన కోరండి. బడిలో చేర్చక ముందే ఆ పని జరిగితే బిడ్డకు చికాకు తక్కువ.

పోషకాహార సర్వేల్లో వయసు తెలియకపోతే ఎత్తునే వాడతారు కదా? అక్కడ సరైనది ఇక్కడ తప్పు ఎలా అవుతుంది?

వయసులు తెలియని చోట సర్వేల్లో 6 నుంచి 59 నెలల పిల్లలకు బదులు 65 నుంచి 110 సెంటీమీటర్ల పిల్లలను తీసుకోవడం ఉంది. అక్కడ ఏ ఒక్క బిడ్డకూ వయసు రాయడం లేదు. ఎవరిని కొలవాలి, ఎవరిని వదిలేయాలి అన్న జల్లెడగా మాత్రమే ఎత్తును వాడుతున్నారు, కొలిచాక చూసేది కూడా ఎత్తుకు తగ్గ బరువునే. అయినా లోపం తప్పదు. గిడసబారడం ఎక్కువగా ఉన్న చోట ఐదేళ్లు దాటిన పొట్టి పిల్లలు ఆ జల్లెడలోకి వచ్చేస్తారు, 65 సెంటీమీటర్లకు చేరని ఎనిమిది నెలల పిల్లలు బయట ఉండిపోతారు. అందుకే అక్కడ కూడా సంఘటనల వరుసతో వయసు అడగడమే మొదటి పద్ధతి, ఎత్తు చివరి ప్రత్యామ్నాయం.